ఐఎస్‌టీ అంటే ఎవరి టైమ్?

మార్చి 12, గురువారం. రాత్రి ఏడున్నర అయింది. బెంగళూరు బెళ్ళందూరులో మా ఆఫీసు క్యాంటీన్‌లో దోశ తింటున్నాను. ఎనిమిదింటికి న్యూయార్క్ క్లయింటుతో మీటింగ్ ఉంది, తినేసి వెళ్దామనుకున్నాను. ఇంతలో ఫోన్‌లో మెసేజ్: "మీ వాళ్లెవరూ రాలేదేంటి? మా ఆడిటర్ అరగంట కూర్చుని లేచి వెళ్లిపోయాడు."

దోశ అలాగే వదిలేసి పైకి పరిగెత్తాను. మా వైపు నుంచి ఎవరూ ఆలస్యం కాలేదు, ఇంకా అరగంట టైముంది. క్లయింటు క్యాలెండర్‌లో కూడా ఎనిమిదికి సరిపడే వేళే ఉంది. అయినా ఆ ఆడిటర్ గంట ముందే వచ్చి కూర్చున్నాడు. ఎందుకో కనుక్కుంటే తేలింది, తప్పు నాదే. ఇన్విటేషన్ పైన నేను స్వయంగా టైప్ చేసిన లైను ఇది:

```
Release review: Thu 12/03, 8 PM IST / 9.30 AM EST
```

చూడ్డానికి ఇందులో తప్పేమీ కనిపించదు. మన రాత్రి 8:00కి ఈఎస్‌టీ ప్రకారం ఉదయం 9:30. లెక్క నూటికి నూరుపాళ్లు కరెక్టు. చిక్కల్లా ఏమిటంటే, ఆ రోజు న్యూయార్క్‌లో ఈఎస్‌టీ నడవడం లేదు. అమెరికాలో మార్చి రెండో ఆదివారం గడియారం గంట ముందుకు జరుపుతారు. 2026లో అది మార్చి 8న వచ్చింది. ఆ రోజు నుంచి నవంబరు మొదటి ఆదివారం వరకు అక్కడ నడిచేది ఈడీటీ అనే వేసవి టైము, ఈఎస్‌టీ చలికాలానిదే. కాబట్టి మన రాత్రి 8:00కి న్యూయార్క్ గోడ గడియారంలో 10:30. నేను రాసిన 9:30 అక్కడి వాళ్లకు మన రాత్రి 7:00.

మరి క్లయింటు మేనేజరు ఎందుకు పొరబడలేదు? ఆమె లైను చదవలేదు, క్యాలెండర్‌లో గడి చూసింది. క్యాలెండర్ సరిగ్గానే 10:30 చూపించింది. ఆడిటర్ బయటి మనిషి, ఇన్విటేషన్‌లో లేడు. ఆమె ఆ ఒక్క లైనూ కాపీ చేసి అతనికి మెయిల్ పెట్టింది. "ఈఎస్‌టీ" అన్న మూడక్షరాలను న్యూయార్క్‌లో ఎవరూ పట్టి పట్టి చదవరు. వేసవైనా చలికాలమైనా వాళ్లకు అది "మన టైము" అనే. 9:30 అని ఉంటే 9:30కి వచ్చాడు.

ఈ లైన్లో తప్పు అదొక్కటే కాదు. 12/03 చూడండి. మనకు మార్చి 12, అమెరికా వాళ్లకు డిసెంబరు 3. మార్చిలో ఉన్నాం కాబట్టి ఎవరూ డిసెంబరు అనుకోలేదు, అంతే. "పక్కన వారం పేరు ఉంటే చాలు కదా, తేదీ తారుమారైతే వారం పట్టిస్తుంది" అని నేనూ చాలాకాలం అనుకున్నాను. 05/06 లాంటి వాటికి అది పనిచేస్తుంది. మే 6, జూన్ 5 ఎప్పుడూ ఒకే వారం కావు. కానీ మార్చి 12, డిసెంబరు 3 మధ్య సరిగ్గా 266 రోజులు, అంటే 38 వారాలు. ఏ సంవత్సరమైనా ఆ రెండూ ఒకే వారం పడతాయి. మే 9, సెప్టెంబరు 5 కూడా అంతే. జూలై 11, నవంబరు 7 కూడా అంతే. అంటే తారీఖు తిరగబడినా వారం నోరు విప్పని జోడీల్లో ఒకదాన్ని నేను పట్టుకున్నాను. నెలను అక్షరాల్లో రాసి ఉంటే ఈ గొడవే లేదు.

మూడోది ఐఎస్‌టీ. మనకు ఇందులో అనుమానమే రాదు. ఆ టైముకు ఆధారమైన 82.5 డిగ్రీల తూర్పు రేఖ మన కాకినాడకు దగ్గర్లోంచే పోతుంది, ఇంకెవరిదవుతుంది అనిపిస్తుంది. కానీ ఇజ్రాయెల్ వాళ్లకూ ఒక ఐఎస్‌టీ ఉంది. ఐర్లండ్ వాళ్లకూ ఉంది. ఐర్లండ్‌ది తమాషాగా ఉంటుంది. వాళ్ల చట్టం ప్రకారం వేసవి టైమే "స్టాండర్డ్", దానిపేరు ఐరిష్ స్టాండర్డ్ టైమ్. చలికాలంలో ఒక గంట వెనక్కి పోయి జీఎంటీ అవుతుంది. మా డబ్లిన్ టీమ్‌కు జూన్‌లో ఎవరైనా "3 పీఎం ఐఎస్‌టీ" అని రాస్తే అది మన మధ్యాహ్నం మూడా, వాళ్ల మధ్యాహ్నం మూడా? మన మూడైతే డబ్లిన్‌లో ఉదయం 10:30. వాళ్ల మూడైతే మనకు రాత్రి 7:30. రెండూ నమ్మదగిన మీటింగ్ టైములే. ప్రమాదం అక్కడే ఉంది. రాత్రి రెండు గంటలని వస్తే ఎవరైనా ఆగి అడుగుతారు. నమ్మదగ్గ టైమొస్తే ఎవరూ అడగరు.

మర్నాడు ఆ లైన్ను ఇలా తిరగరాశాను:

```
Thu, 12 Mar 2026
New York    10:30  (UTC-4)
Dublin      14:30  (UTC+0)
Bengaluru   20:00  (UTC+5:30)
```

మూడక్షరాల పొట్టి పేర్లు పోయాయి, వాటి బదులు ఊళ్ల పేర్లు వచ్చాయి. ఈస్టర్న్, సెంట్రల్ అని గుర్తుపెట్టుకోనక్కర్లేదు, న్యూయార్క్‌లో ఉన్నవాడికి తను న్యూయార్క్‌లో ఉన్నానని తెలుసు. బ్రాకెట్లో ఉన్న అంకె, ప్రపంచమంతటికీ ఒకటే అయిన యూటీసీ టైముతో ఆ రోజున నిజంగా నడిచే తేడా. అది ఎందుకంటే, ఊరి పేరు చదివినవాడు పొరబడినా అంకెతో సరిచూసుకోవచ్చు. 10:30కి నాలుగు కలిపితే 14:30, 20:00లోంచి ఐదున్నర తీసేస్తే 14:30. మూడు లైన్లూ ఒకే చోటికి రావాలి. రాకపోతే రాసినవాళ్లే తప్పు రాశారు. పంపకముందు నేను చేసే పరీక్ష ఇదొక్కటే, అర నిమిషం పట్టదు.

దీనికన్నా పొట్టి పరీక్ష కూడా ఒకటుంది. బెంగళూరుకూ న్యూయార్క్‌కూ తేడా వాళ్ల వేసవిలో తొమ్మిదిన్నర గంటలు, చలికాలంలో పదిన్నర. పాత లైన్లో 8 పీఎం, 9.30 ఏఎం మధ్య తేడా పదిన్నర. మార్చి 12న పదిన్నర కనిపించిందంటే చలికాలం లెక్క వేసవిలోకి జారిందన్నమాట. డబ్లిన్‌కైతే వేసవిలో నాలుగున్నర, చలికాలంలో ఐదున్నర.

ఒక చిన్న హెచ్చరిక. ఆ అంకెను క్యాలెండర్ మెనూలోంచి చూసి ఎత్తి రాయొద్దు. అవుట్‌లుక్ జాబితాలో న్యూయార్క్ టైము `(UTC-05:00) Eastern Time (US & Canada)` అని ఉంటుంది. అది చలికాలపు తేడా. జూలైలో తెరిచినా అదే కనిపిస్తుంది. మెనూలో పేరు మారదు, లోపల లెక్క మాత్రం సరిగ్గా మారుతుంది. పేరు చూసి రాసినవాళ్లు గంట తప్పుతారు. (అదే జాబితాలో మనది `(UTC+05:30) Chennai, Kolkata, Mumbai, New Delhi`. బెంగళూరు లేదు. చెన్నైలో ఉండే మా పెదనాన్న కొడుకు ఈ విషయం నాకు గుర్తుచేయని పండగ లేదు.)

మా టీమ్‌లో కొత్తగా చేరిన కడప అబ్బాయికి ఈ తిరగరాతలన్నీ చాదస్తంగా కనిపించాయి. "అక్కా, క్యాలెండరే చూసుకుంటుంది కదా. మనం చేత్తో రాయడం ఎందుకు, తప్పు చేయడం ఎందుకు? ఆ లైను తీసేస్తే పోలా?"

మంచి ప్రశ్నే. సగం ఒప్పుకుంటాను. క్యాలెండర్‌లోని గడి ఎప్పుడూ నా చేతిరాత కన్నా నమ్మదగ్గది. కానీ ఇన్విటేషన్ గడిలోనే ఉండిపోదు. కాపీ అవుతుంది, వాట్సాప్‌కు పోతుంది, స్క్రీన్‌షాట్ అవుతుంది, ఎవరో ఫోన్లో చదివి వినిపిస్తారు. గడి దాటిన క్షణం నుంచి అది ఉత్త అక్షరాలే, ఏ సాఫ్ట్‌వేరూ దాన్ని మార్చి చూపించదు. మా ఆడిటర్‌కు చేరింది ఆ ఉత్త అక్షరాలే. లైను తీసేస్తే క్లయింటు మేనేజరు తనే ఒకటి రాసి పంపేది, అది నాకు కనిపించేది కూడా కాదు.

ఇంకా, క్యాలెండర్ "చూసుకుంటుంది" అనేది దానికి ఊరు చెప్పినప్పుడే నిజం. ఆ అబ్బాయికి ఈ రెండు లైన్లు చూపించాను. ఇన్విటేషన్‌తో వచ్చే .ics ఫైలును నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే ఇలాంటివే ఉంటాయి:

```
DTSTART;TZID=Asia/Kolkata:20260312T200000
DTSTART:20260312T200000
```

మొదటిది కోల్‌కతా గడియారం ప్రకారం 20:00. న్యూయార్క్‌లో తెరిస్తే 10:30 అని చూపిస్తుంది. రెండోదానికి ఊరు లేదు. అది ఎక్కడ తెరిస్తే అక్కడి రాత్రి ఎనిమిది. బెంగళూరులో తెరిస్తే సరిగ్గా కనిపిస్తుంది, అందుకే పంపినవాళ్లకు ఎప్పటికీ తెలియదు. ఏదో టూల్‌లోంచి ఎగుమతి చేసిన ఫైళ్లలో, ఎవరో స్క్రిప్టు రాసి తయారుచేసిన ఇన్విటేషన్లలో ఇది తగులుతుంది. ఊరి ముక్క లేకపోయినా చివర Z అక్షరం ఉంటే పర్వాలేదు, అది యూటీసీ అని గుర్తు. రెండూ లేకపోతే పంపకూడదు.

ఇంతవరకు ఒక్కసారి జరిగే మీటింగ్ గురించి. నన్ను నిజంగా ఇబ్బంది పెట్టింది వారం వారం జరిగే మీటింగ్.

ఆ రివ్యూ ఏడాదంతా ప్రతి గురువారం ఉంటుంది. సిరీస్ తయారుచేసింది నేను, బెంగళూరులో కూర్చుని, రాత్రి 8:00కి. దాన్ని నేను ఒక గంట అనుకున్నాను. నిజానికి నేను చేసింది ఒక ఊరిని ఎంచుకోవడం. రిపీటయ్యే మీటింగ్ ఏదో ఒక ఊరి గడియారానికి ముడిపడి ఉంటుంది. ఆ ఊళ్లో టైము కదలదు, మిగతా ఊళ్లలో కదులుతుంది. బెంగళూరుకు ముడివేస్తే మనకు ఏడాదంతా ఎనిమిదే. న్యూయార్క్ వాళ్లకు చలికాలం 9:30, వేసవి 10:30. అదే మీటింగ్‌ను న్యూయార్క్ 10:30కి ముడివేస్తే వాళ్లకు కదలదు, మనకు వేసవిలో 8:00, చలికాలంలో 9:00.

డబ్లిన్ ఈ ఇద్దరి మధ్యా నలుగుతుంది. యూరప్‌లో గడియారం మార్చేది మార్చి చివరి ఆదివారం. 2026లో అది 29. అమెరికా 8న మార్చేసింది. ఆ మధ్యలో మూడు వారాలు డబ్లిన్‌కూ న్యూయార్క్‌కూ మామూలు ఐదు గంటల తేడా నాలుగవుతుంది. అక్టోబరులో మళ్లీ ఒక వారం అంతే, యూరప్ అక్టోబరు 25న వెనక్కి వస్తుంది, అమెరికా నవంబరు 1న. న్యూయార్క్‌కు ముడివేసిన మీటింగ్ డబ్లిన్‌లో ఏడాదంతా మధ్యాహ్నం 3:30కే ఉండి, ఆ నాలుగు వారాలు మాత్రం 2:30కి దిగుతుంది. వాళ్లు గాభరాపడి "టైమ్ మార్చారా?" అని అడిగేది ఆ వారాల్లోనే. మా దగ్గర తప్పులు జరిగేవి కూడా ఎక్కువగా ఆ వారాల్లోనే.

అందుకని రిపీటయ్యే మీటింగ్ ఇన్విటేషన్‌లో మూడు ఊళ్ల టైములు రాయడం మానేశాను. పైన నేను అంత గొప్పగా చూపించిన నాలుగు లైన్లు ఒక్క తేదీకే నిజం. సిరీస్‌లో పెడితే తప్పక అబద్ధమవుతాయి. ఇప్పుడు అక్కడ ముడిపడిన ఊరూ, టైమూ ఒక్కటే రాస్తాను. దాని కింద ఒక వాక్యం: "మిగతా ఊళ్లలో మీ క్యాలెండర్ చూపించేదే సరైన టైము. మార్చి 8, మార్చి 29, అక్టోబరు 25, నవంబరు 1 తేదీల్లో అది ఒక గంట కదలవచ్చు." మూడు ఊళ్ల పట్టిక కావాలంటే ఆ వారం అజెండా మెయిల్‌లో పెడతాను, ఆ వారం తేదీతో.

ఈ మాట టీమ్ మీటింగ్‌లో చెబితే మా ఆర్కిటెక్ట్ వెంటనే అన్నాడు, "అన్నీ యూటీసీలో పెట్టేస్తే గొడవ ఉండదు కదండీ." ఇంజినీర్లకు ఇది చాలా ఇష్టమైన జవాబు. సర్వర్ లాగ్‌లకు అది సరైనదే. మనుషుల మీటింగ్‌కు కాదని నా వాదన. మన దేశంలో గడియారం మారదు, యూటీసీ కూడా మారదు. అంటే సిరీస్‌ను యూటీసీకి ముడివేయడం, బెంగళూరుకు ముడివేయడం రెండూ ఒకటే పని చేస్తాయి. కదలాల్సింది న్యూయార్క్, డబ్లిన్ వాళ్లే. యూటీసీ పేరు పెట్టేసరికి అది ఎవరి పక్షమూ కానట్టు కనిపిస్తుంది, కానీ మన పక్షమే. పైగా చదివే ప్రతి మనిషీ కూడికలు చేసుకోవాలి. తేడా సరిచూసుకోవడానికి యూటీసీ ఉండాలి, టైము చెప్పడానికి ఊరుండాలి.

మరి ఏ ఊరికి ముడివేయాలి? "క్లయింటు ఊరికి" అని చాలామంది ఆలోచించకుండా అనేస్తారు. నేను అడిగేది వేరే: ఎవరి దగ్గర కదలని పని ఉంది? మా టీమ్‌లో నలుగురు రాత్రి 9:15 ఆఫీసు క్యాబ్‌లో వెళ్తారు. అది తప్పితే తర్వాతది 10:30కి. ఔటర్ రింగ్ రోడ్డు దాటి ఇంటికి చేరేసరికి పదకొండున్నర. గంటసేపు మీటింగ్ 8:00కి మొదలైతే క్యాబ్ అందుతుంది, 9:00కి మొదలైతే అందదు. న్యూయార్క్ మేనేజరుకు ఫోన్ చేసి ఈ సంగతే చెప్పాను. ఆమె పిల్లల్ని స్కూల్లో దింపేది 8:45కి, కాబట్టి 9:30 అయినా 10:30 అయినా ఆమెకు ఒకటే. బెంగళూరుకు ముడి ఉంచేశాం. ఐదు నిమిషాల ఫోన్‌కాల్. ఏడాది ముందే చేయాల్సింది.

తప్పు ఇన్విటేషన్ పంపేశాక ఎలా సరిచేయాలన్నది కూడా నేను తలబొప్పి కట్టాకే నేర్చుకున్నాను. ఆ రాత్రి కంగారులో పాతది డిలీట్ చేసి కొత్తది పంపాను. దాంతో ఫార్వర్డ్ అయిన పాత కాపీలు అలాగే మిగిలాయి, డబ్లిన్‌లో ఒకాయన క్యాలెండర్‌లో రెండు వారాలపాటు రెండు మీటింగులు. పాతదాన్నే తెరిచి మార్చి, అందరికీ అప్‌డేట్ పంపాల్సింది. అప్పుడు పాతదాని స్థానంలోనే కొత్తది కూర్చుంటుంది. అప్‌డేట్ మొదటి లైన్లో ఏం మారిందో కూడా చెప్పాలి. "కరెక్షన్" అని మాత్రం రాస్తే సగంమంది మీటింగ్ టైమే మారిందనుకుంటారు. నేనిప్పుడు రాసేది: "మీటింగ్ టైమ్ మారలేదు. పైన రాసిన న్యూయార్క్ టైము తప్పు, 9:30 కాదు, 10:30." పాత తప్పు అంకెనూ రాయాలి. అది లేకపోతే, పాత స్క్రీన్‌షాట్ పట్టుకున్నవాడికి ఏది కొత్తదో తెలియదు.

ఇంకొక్కటి మిగిలింది, అర్ధరాత్రి. ఇది మాత్రం నాకు ఆఫీసులో కాదు, మడివాళ బస్‌స్టాప్‌లో తెలిసింది.

రెండేళ్ల కిందట వేసవిలో నాన్న మా ఇంటికొచ్చి నెల్లూరు తిరిగి వెళ్తున్నారు. బస్సు టికెట్ మీద "శనివారం, 00:15" అని ఉంది. శనివారం రాత్రి పదకొండున్నరకు నాన్నా నేనూ పచ్చళ్ల డబ్బాతో సహా మడివాళ చేరాం. ఆ బస్సు వెళ్లిపోయి అప్పటికి ఇరవై మూడు గంటలు దాటింది. బుక్ చేసింది నేనే. రోజూ టైమ్ జోన్లతో తలపట్టుకునేదాన్నే.

నాన్నకు ఇందులో అన్యాయం కనిపించింది. ఆయన లెక్కలో వారం సూర్యోదయానికి మారుతుంది, పంచాంగమూ అదే చెబుతుంది. రాత్రి పన్నెండుంపావు అంటే ఇంకా శుక్రవారమే. "శుక్రవారం రాత్రి, తెల్లవారితే శనివారం" అంటారు మా ఇంట్లో. ఆ మాటలో అనుమానానికి చోటే లేదు, రాత్రికి అటూ ఇటూ ఉన్న రెండు వారాలూ అందులోనే ఉన్నాయి. "ఫ్రైడే 12 ఏఎం" అనే ఇంగ్లీషు ముక్కలో ఒకటే ఉంది, అదీ ఏ కొసదో చెప్పదు.

మా రిలీజులు ఎక్కువగా ఆ వేళకే వస్తాయి. న్యూయార్క్‌లో గురువారం మధ్యాహ్నం 2:30 అంటే వేసవిలో మనకు శుక్రవారం 00:00. వాళ్లు "గురువారం రిలీజ్" అంటారు, మా పేపర్లో "శుక్రవారం" అని ఉంటుంది, కొత్తగా చేరినవాళ్లు శుక్రవారం రాత్రికి సిద్ధమై వస్తారు. అందుకే ఇన్విటేషన్‌లో సరిగ్గా పన్నెండును ఎప్పుడూ పెట్టను. 00:15 అని పెట్టి, బెంగళూరు లైను పక్కన "గురువారం రాత్రి, తెల్లవారితే శుక్రవారం" అని రెండు వారాలూ రాస్తాను. న్యూయార్క్ వాళ్లు మొదట్లో నవ్వారు. ఇప్పుడు వాళ్లే "థర్స్‌డే నైట్ గోయింగ్ ఇంటూ ఫ్రైడే" అని రాస్తున్నారు.

మొన్న నాన్న మళ్లీ వచ్చి వెళ్లేటప్పుడు టికెట్ ఫోన్లో చూపించాను. కళ్లజోడు పైకి జరిపి చూసి, "అమ్మా, 15వ తేదీ 00:15 అని ఉంది. 14 తెల్లవారితే 15నా, 15 తెల్లవారితే 16నా?" అన్నారు.

"14 రాత్రి అన్నం తిని బయల్దేరాలి నాన్నా," అన్నాను.

"మరి ఆ ముక్కే రాయచ్చు కదా వాళ్లు," అంటూ సంచి జిప్పు వేసుకున్నారు.